ఆన్‌లైన్‌లో డ్రెస్ వివరం రాయడం – 4వ పాఠం: మార్జిన్ ఎంతని రాయాలి?

పోయిన పాఠంలో లైనింగ్ గురించి చెప్పుకున్నాం. ‘లైనింగ్ ఉంది’ అని రాసి వదిలేయకుండా అది ఏ బట్టో, ఎక్కడిదాకా ఉందో రాయమన్నాను. ఈసారి మార్జిన్, అంటే తర్వాత విప్పి వదులు చేసుకోవడానికి కుట్టు లోపల వదిలిన బట్ట. కొనేవాళ్లు ఎక్కువగా అడిగేదీ, మనం ఎక్కువగా తప్పు రాసేదీ ఇదే.

నేను కావలిలో ఇంట్లోనే స్టాక్ పెట్టుకుని అమ్ముతాను. మొదట్లో ఒక జార్జెట్ కుర్తా సెట్‌కి ‘2 అంగుళాల మార్జిన్ ఉంది’ అని రాశాను. ఒంగోలు నుంచి ఒకామె తీసుకుంది. ఒక్కో పక్క రెండు అంగుళాలు, రెండు పక్కలా కలిపి నాలుగు వస్తాయని ఆమె అనుకుంది. మొత్తం కలిపి రెండని నా లెక్క. టైలర్ విప్పి చూస్తే ఛాతీ దగ్గర ఆ రెండు కూడా రాలేదు. కుట్టు విప్పిన డ్రెస్ తిరిగొచ్చింది, ఇంకెవరికీ అమ్మలేకపోయాను. దాన్ని మా వీధిలో టైలర్ మాస్టర్‌కి చూపిస్తే ఆయన ఒకటే అడిగాడు: “చంక దగ్గర చూడకుండా మార్జిన్ ఎట్టా రాశావమ్మా?”

ఆయన ఆ రోజు చూపించిందే ఈ పాఠం. అదే రకం కుర్తా ఇంకొకటి నా దగ్గర ఉంటే దాన్నే తిరగేసి కొలిచాం. మీరూ ఒక కుర్తా, టేపు పట్టుకుని కూర్చోండి.

ముందు కుర్తాను మామూలుగా నేల మీద ముడతలు లేకుండా పరిచి, ఒక చంక కింద నుంచి రెండో చంక కిందికి కొలవండి. మాది 19 అంగుళాలు వచ్చింది. రెట్టింపు చేస్తే ఛాతీ 38. నడుము 17½, అంటే 35. లేబుల్ మీద ఏ సైజు ఉన్నా రాయాల్సింది ఈ కొలతే, ఎందుకంటే ఒక్కో తయారీదారు ‘ఎం’ సైజు ఒక్కోలా ఉంటుంది.

ఇప్పుడు డ్రెస్‌ని లోపలి వైపుకి తిప్పండి. పక్క కుట్టు నుంచి బట్ట అంచుదాకా ఉన్నదే మార్జిన్. మా కుర్తాకి పై బట్టలో ఒక అంగుళం ఉంది. కొత్త కుట్టు వేశాక అంచున కనీసం పావు అంగుళమైనా మిగలాలి. జార్జెట్ దారాలు ఊడే బట్ట కాబట్టి అంతకన్నా తగ్గిస్తే కుట్టు నిలవదు. పావు తీసేస్తే వాడుకోగలిగేది ముప్పావు. ముందు భాగం, వెనక భాగం, కుడి పక్క, ఎడమ పక్క, మొత్తం నాలుగు అంచులు. నాలుగు ముప్పావులు మూడు అంగుళాలు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి ‘3 అంగుళాలు పెంచుకోవచ్చు’ అని రాసేస్తారు.

కానీ లోపల లైనింగ్ ఉంది. దాని మార్జిన్ విడిగా కొలిస్తే ముప్పావే వచ్చింది. కుట్టుకి పావు పోగా అర అంగుళం, నాలుగు అంచులకు రెండు అంగుళాలు. పై బట్ట ఎంత వదులైనా లైనింగ్ బిగుతుగా ఉంటే వేసుకున్నప్పుడు పట్టేసేది లైనింగే. కాబట్టి మూడు కాస్తా రెండైంది.

ఇక చెయ్యి. స్లీవ్ కింది కుట్టూ, డ్రెస్ పక్క కుట్టూ చంక కిందే కలుస్తాయి. మా కుర్తా స్లీవ్‌కి మార్జిన్ అర అంగుళమే. పావు వదిలితే వాడుకోగలిగేది పావు, నాలుగు అంచులకు ఒక్క అంగుళం. పక్కన అర అంగుళం విప్పి స్లీవ్ పావే విప్పితే చంక గుండ్రం పెద్దదవుతుంది, స్లీవ్ చాలదు. బలవంతంగా కలిపితే చంక కింద ముడత పడి చెయ్యి ఎత్తితే లాగుతుంది. అందుకే ఛాతీ దగ్గర నిజంగా పెరిగేది ఒక్క అంగుళం. చంక నుంచి కొంచెం కిందికి దిగాక మాత్రం స్లీవ్‌తో పని లేదు, నడుము దగ్గర రెండు అంగుళాలూ వస్తాయి.

కాబట్టి పై బట్ట, లైనింగ్, స్లీవ్ మూడింటినీ కొలిచి, ఛాతీకి అన్నిటికన్నా తక్కువ వచ్చింది రాయండి. నడుముకి పై బట్ట, లైనింగ్‌లో తక్కువది రాయండి.

కొలిచేటప్పుడు చంక వంపులో కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టారేమో వేలితో తడిమి చూడండి. వంపు సాఫీగా తిరగడానికి కొందరు అలా పెడతారు. గాటు కుట్టుదాకా వచ్చి ఉంటే మార్జిన్ ఎంత కనిపించినా అక్కడ విప్పలేం. ఎంబ్రాయిడరీ కుట్టు దగ్గరే ఆగిపోయిందా, మార్జిన్‌లోకి కూడా వెళ్లిందా అన్నదీ చూడాలి. ఆగిపోతే విప్పిన చోట సాదా గీతలాగా కనిపిస్తుంది, ఆ మాట ముందే రాయాలి. శాటిన్, టిష్యూ, ఆర్గంజా లాంటి వాటిలో పాత సూది రంధ్రాలు కనిపిస్తూనే ఉంటాయి. కాటన్‌లో ఉతికి ఇస్త్రీ చేస్తే చాలావరకు కలిసిపోతాయి.

స్లీవ్‌లెస్ డ్రెస్‌లలో ‘స్లీవ్స్ లోపల ఉన్నాయి’ అంటుంటాం. అంటే చేతుల ముక్కలు కుట్టకుండా లోపల తగిలించి ఇస్తారు. ఆ మాట అలాగే రాస్తే కుట్టిన చేతులే వస్తాయనుకునేవాళ్లు ఉన్నారు. ‘చేతుల బట్ట విడిగా ఉంది, టైలర్ దగ్గర కుట్టించుకోవాలి’ అని విడమరచి, ఆ ముక్క పొడవు కూడా రాయండి. మోచేతి దాకా చాలుతుందా, ముప్పావు చేతులు వస్తాయా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక ఒంటి కొలతకీ డ్రెస్ కొలతకీ తేడా. నేను జార్జెట్ కుర్తాకి రెండు అంగుళాల లూజు లెక్క వేస్తాను. 38 ఛాతీ ఉన్న కుర్తా 36 ఒంటికి సరిపోతుంది, ఒక అంగుళం విప్పితే 37 దాకా. ఏది ఒంటి కొలతో, ఏది డ్రెస్ కొలతో చెప్పకుండా ఉత్తి ‘38’ అని రాయకండి.

ఆ కుర్తాకి చివరికి నేను రాసిన వివరం ఇది:

‘జార్జెట్ కుర్తా, క్రేప్ ప్యాంటు, షిఫాన్ చున్నీ. కుర్తాకి భుజం నుంచి కింది అంచుదాకా క్రేప్ లైనింగ్ ఉంది, చేతులకు లేదు, చెయ్యి లోపలికి కనిపిస్తుంది. ముప్పావు చేతులు, కుట్టి ఉన్నాయి, పొడవు 16 అంగుళాలు. చున్నీ రెండుంపావు మీటర్లు, నాలుగు వైపులా లేసు. డ్రెస్ కొలత: ఛాతీ 38, నడుము 35. విప్పితే ఛాతీ 39 దాకా, నడుము 37 దాకా వస్తుంది, ఇవి రెండు పక్కలా కలిపిన లెక్కలు. మీ ఒంటి ఛాతీ 36 అయితే అలాగే వేసుకోవచ్చు, 37 అయితే విప్పించుకోవాలి, అంతకన్నా ఎక్కువైతే ఇది తీసుకోకండి.’

చివరి మాట రాయడానికి మొదట నాకు భయమేసింది, బేరం పోతుందేమోనని. 38 ఛాతీ ఉన్న ఇద్దరు నిజంగానే తీసుకోలేదు. తీసుకున్నవాళ్ల దగ్గర నుంచి మాత్రం ఒక్క పీసూ తిరిగి రాలేదు. ఫోటోల్లో ఒకటి డ్రెస్ తిరగేసి, చంక దగ్గర టేపు ఆనించి తీసినది పెడతాను. అది చూశాక మార్జిన్ గురించి మళ్లీ అడిగేవాళ్లు తగ్గారు.

లెహంగా సెట్‌లో జాకెట్‌కి కూడా ఇదే లెక్క. ప్యాడ్స్ ఉన్న జాకెట్‌కి పక్కలు విప్పినా కప్పులు ఉన్న చోటే ఉంటాయి కాబట్టి పెంచేది తక్కువ రాయండి. లెహంగా నడుముకి బెల్టు ఉందా, నాడా ఉందా అన్న దాన్ని బట్టి లెక్క పూర్తిగా మారిపోతుంది. అది వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా మీ దగ్గరున్న ఒక కుర్తాని తిరగేసి పై బట్ట, లైనింగ్, స్లీవ్ మార్జిన్లు మూడూ విడివిడిగా కాగితం మీద రాసి పెట్టుకోండి.