కాలవ గట్టు మలుపులూ ముందు టైర్ల బయటి అంచూ

కోనసీమలో కాలవ గట్టు రోడ్డు వంతెన దగ్గరకొచ్చేసరికి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. అక్కడిదాకా జోరుగా వచ్చి, స్టీరింగ్ తిప్పుతూనే బ్రేకు తొక్కితే బరువంతా మలుపుకు బయటివైపున్న ముందు టైరు మీద పడుతుంది. దాని బయటి అంచు రోడ్డును రాసుకుంటూ పక్కకు జారుతుంది. అరుగుదల అక్కడే మొదలు.

ముందు టైర్లు రెంటికీ బయటి అంచే గుండ్రంగా అరిగితే మొదట మలుపుల్లో వేగాన్నే అనుమానించాలి. ఒకే టైరుకు రెండంచులూ అరిగితే గాలి తక్కువ. అరచేత్తో అడ్డంగా నిమిరితే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా తగిలితే అలైన్‌మెంట్ తప్పింది. చాలామంది చెయ్యి పెట్టి చూడకుండానే అలైన్‌మెంట్‌కి డబ్బు కడతారు.

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది: చక్రాలు తిన్నగా ఉండగానే బ్రేకు పని ముగించాలి, గేరు తగ్గించాలి, బ్రేకు వదిలేసి తిప్పాలి. గాలి పొద్దున్నే, బండి కదలకముందు, తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం చూడాలి. సుమారు 10,000 కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి వేయించాలి. అప్పటికీ అంచు అలాగే పోతుంటే అప్పుడు అలైన్‌మెంట్ చూపించాలి.

పోయిన రబ్బరు మాత్రం తిరిగి రాదు. గాడిలోని 1.6 మిల్లీమీటర్ల గుర్తుదాకా అంచు దిగిపోతే, మధ్యలో ఎంత మిగిలినా ఆ టైరు తీసెయ్యాల్సిందే.