పెళ్లిళ్లు లేని నెలల్లోనూ పని దొరకాలంటే మాట ఎడిటింగ్ నేర్చుకోవడం ఎలా?

విజయవాడ, గుంటూరులో వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లలో చాలామందికి ఆదాయం పంచాంగం ప్రకారం వస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ముహూర్తాలుంటే రాత్రింబవళ్లు పని. ఆషాఢం, పుష్యం, మధ్యలో మూఢం వచ్చాయంటే స్టూడియో తలుపు తీసినా ఫోన్ మోగదు. సినిమా పోస్ట్ ప్రొడక్షన్ చాలావరకు హైదరాబాద్‌లోనే ఉంది. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు ఉన్నాయి కదా అని విజయవాడలో ఎడిటింగ్ టేబుల్ దొరకదు.

కానీ ముహూర్తాలతో సంబంధం లేని పని ఇక్కడ చాలా ఉంది. డాక్టర్ల ఇంటర్వ్యూలు, కాలేజీల వీడియోలు, వ్యవసాయ ఛానళ్లు, ఎన్నికలప్పుడు నాయకుల మాటలు, షార్ట్ ఫిల్ములు. వీటన్నిటిలో మనిషి మాటే సరుకు. పెళ్లి వీడియోలో పాట వేసి శబ్దాన్ని కప్పేయొచ్చు, ఇక్కడ కుదరదు. అందుకే మాటని శుభ్రంగా, అర్థం చెడకుండా కత్తిరించగలిగిన ఎడిటర్‌ని ఒకసారి పిలిచినవాళ్లు మళ్లీ పిలుస్తారు. సాఫ్ట్‌వేర్ ఐదారేళ్లకి మారిపోతుంది, ఈ చెవి మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. గుంటూరు మిర్చి యార్డులో ఒక రైతుతో 40 నిమిషాల ఇంటర్వ్యూ తీశారు. ఒక కెమెరా, ఒక ఫోన్, చొక్కాకి తగిలించిన మైకు, దాని రికార్డర్. మీరు ఇవ్వాల్సింది 8 నిమిషాల వీడియో.

మొదటి పని: కాపీ, ఆ తర్వాతే మిగతావి

కార్డు చేతికి రాగానే ఎడిటింగ్ మొదలుపెట్టకండి. రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేయండి. ఒకే డిస్కులో రెండు ఫోల్డర్లు చేస్తే అది బ్యాకప్ కాదు, డిస్కు పోతే రెండూ పోతాయి. కార్డులో ఎన్ని ఫైళ్లు, ఎంత సైజు ఉందో రెండు చోట్లా సరిపోల్చి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చివరి దాకా జరిపి చూశాకే కార్డు తిరిగి ఇవ్వండి. ఫోల్డర్ పేరులో తేదీ, ఊరు, పని ఉండాలి. `New Folder 3` లాంటి పేరు ఆరు నెలల తర్వాత ఎవరికీ ఏమీ చెప్పదు.

రెండో పని: పెదవి, మాట కలపడం

రికార్డర్ శబ్దాన్ని కెమెరా శబ్దంతో కలపడానికి చప్పట్లు కొట్టి ఉంటే సులువు, లేకపోయినా సాఫ్ట్‌వేర్ వేవ్‌ఫామ్ చూసి కలుపుతుంది. ఇబ్బంది ఎక్కువగా ఫోన్ వీడియోతోనే వస్తుంది. మొదటి నిమిషంలో పెదవి, మాట చక్కగా కలిసి ఉంటాయి, ఇరవయ్యో నిమిషానికి మాట ముందుకో వెనక్కో జరిగిపోయి ఉంటుంది. చాలా ఫోన్లు సెకనుకి ఒకే సంఖ్యలో ఫ్రేములు తీయవు, వెలుతురుని బట్టి మారుస్తుంటాయి. టైమ్‌లైన్ మాత్రం స్థిరమైన లెక్క అడుగుతుంది. చేత్తో అక్కడక్కడా జరుపుతూ కూర్చోకుండా, ఎడిటింగ్‌కి ముందే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఫైలుని స్థిరమైన 25 ఫ్రేములకి మార్చేయండి. కమాండ్ విండోలో ఇలా కొట్టాలి:

```
ffmpeg -i phone.mp4 -r 25 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le -ar 48000 phone_25.mov
```

కలిసిందో లేదో తెలియాలంటే మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల చూడండి. 25 ఫ్రేముల్లో ఒక ఫ్రేమంటే 40 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము తేడాని చాలామంది పట్టుకోలేరు, మూడు నాలుగు దాటితే మాత్రం ఏదో తేడాగా ఉందని మామూలు ప్రేక్షకుడికి కూడా అనిపిస్తుంది.

మూడో పని: కాగితం మీద కోత

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. నలభై నిమిషాలూ ఒకసారి బొమ్మ చూడకుండా వినండి. రెండోసారి వింటూ కాగితం మీద టైమ్, విషయం రాసుకోండి: 6:20 పెట్టుబడి లెక్క, 11:05 కూలీలు దొరకకపోవడం, 19:40 ఏజెంట్ దగ్గర అప్పు, 27:10 కాటా దగ్గర గొడవ. ఈ జాబితా చూస్తే 8 నిమిషాల కథ దానంతటదే కనిపిస్తుంది. టైమ్‌లైన్ మీద నేరుగా మొదలుపెట్టినవాళ్లు మొదటి పది నిమిషాల్లోని మాటలతోనే వీడియో నింపేస్తారు, అసలు విషయం 27వ నిమిషంలో ఉండిపోతుంది.

తెలుగులో ఒక జాగ్రత్త తప్పనిసరి. మన వాక్యంలో అవునో కాదో తేలేది చివర్లోనే. యార్డులో మిర్చి బస్తాని టిక్కీ అంటారు. రైతు ఇలా అన్నాడనుకోండి: "ఈసారి తేజ రకానికి రేటు బాగుందని ఏజెంట్లు అన్నారు గానీ, నా టిక్కీలు కాటా ఎక్కేసరికి లేదు." టైము కలిసొస్తుందని "అన్నారు" దగ్గర కోస్తే రేటు బాగున్నట్టే వినిపిస్తుంది, "బాగుంది" దగ్గరే కోస్తే ఆ మాట రైతే అన్నట్టవుతుంది. ఆ మనిషి రేపు యార్డుకి వెళ్లి అందరి ముందూ నిలబడాలి. కాబట్టి ప్రతి కోత తర్వాత కాగితం తీసి, ఆయన అసలు చెప్పింది, మనం మిగిల్చింది ఒకటేనా అని చూడండి. నిడివి తగ్గించాలంటే వాక్యం చివర కోయకండి, మొత్తం వాక్యమే తీసేయండి.

నాలుగో పని: అతుకు వినపడకూడదు

మిర్చి యార్డులో ఘాటుకి దగ్గు, తుమ్ములు ఆగవు. హమాలీల కేకలు, లారీ హారన్లు సరేసరి. ఒక దగ్గు తీసేసి రెండు వైపులా అతికిస్తే, వెనకాల నడుస్తున్న లారీ ఇంజన్ శబ్దం టక్కున తెగుతుంది. మాట బాగానే ఉన్నా చెవికి అక్కడేదో జరిగిందని తెలిసిపోతుంది.

దీనికి మందు షూటింగ్ దగ్గరే ఉంది. ఇంటర్వ్యూ అయ్యాక అందరూ కదలకుండా, మాట్లాడకుండా 30 సెకన్ల పాటు ఆ చోటు శబ్దాన్ని అదే మైకుతో రికార్డు చేయాలి. దీన్నే రూమ్ టోన్ అంటారు. మాటల మధ్య ఖాళీల్లో దీన్ని పరుస్తారు. తీసినవాళ్లు ఇవ్వకపోతే, ప్రశ్న అడిగాక రైతు ఆలోచించుకుంటూ ఆగిన చోట్లు వెతికి అక్కడి నుంచి తీసుకోండి. తర్వాతి షూటింగ్‌కి ముందు కెమెరామన్‌కి మాత్రం ఫోన్ చేసి మరీ చెప్పండి.

కోత ఎప్పుడూ ఊపిరి తీసుకునే ముందు పెట్టండి, ఊపిరి మధ్యలో వద్దు. అతుకు దగ్గర శబ్దానికి రెండు నుంచి నాలుగు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ చాలు. బొమ్మలో తల గెంతినట్టు కనిపించే చోట ఎండబోసిన మిర్చి, కాటా, టిక్కీలు కుడుతున్న చేతులు వేయండి. ఆ షాట్ శబ్దం అర సెకను ముందే వినిపిస్తే మార్పు సాఫీగా ఉంటుంది. తర్వాత కళ్లు మూసుకుని వినండి. ఎక్కడైనా మీకు కళ్లు తెరవాలనిపిస్తే ఆ అతుకు ఇంకా బాగవలేదని అర్థం.

ఐదో పని: శుభ్రం చేయడం, కానీ కొంచెమే

డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఉండే ఫెయిర్‌లైట్ పేజీ దీనికి సరిపోతుంది. ముందు 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై పాస్ ఫిల్టర్‌తో తీసేయండి. లారీ గుడగుడ చాలావరకు అక్కడే పోతుంది, మగవాళ్ల గొంతుకి నష్టం ఉండదు. ఆ తర్వాతే నాయిస్ రిడక్షన్, అది కూడా సగం దాకానే. మొత్తం నిశ్శబ్దం చేయాలని చూస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు అయిపోతుంది, స, శ, ష అక్షరాలు అరిగిపోతాయి. యార్డులో యార్డు శబ్దం వినిపించడం తప్పు కాదు, మాటని మింగేస్తేనే తప్పు.

చివరి శబ్దం స్థాయి యూట్యూబ్‌కి మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర పెడితే సరిపోతుంది. అంతకంటే గట్టిగా పెట్టినా యూట్యూబే తగ్గిస్తుంది. టీవీ ఛానల్‌కైతే వాళ్ల లెక్క వేరు, అడిగి తెలుసుకోండి. హెడ్‌ఫోన్‌లో విన్నాక తప్పకుండా మామూలు ఫోన్ స్పీకర్‌లో, ఫ్యాన్ తిరుగుతున్న గదిలో వినండి. చూసేవాళ్లు వినేది అలాగే.

డబ్బు సంగతి

ఈ పనికి ఎంత అడగాలి? పక్క స్టూడియో వాడు ఎంత అడిగాడని కాకుండా, మీ ఏడాది లెక్క నుంచి మొదలుపెట్టండి. ఇంటికి నెలకి 25 వేలు కావాలనుకుందాం, ఏడాదికి 3 లక్షలు. కరెంటు, డిస్కులు, కంప్యూటర్ రిపేర్లకి 60 వేలు. మొత్తం 3 లక్షల 60 వేలు. ఖాళీ నెలలు పోగా ఏడాదిలో డబ్బు తెచ్చే రోజులు 120 దొరికితే రోజుకి 3 వేలు పడాలి. మన ఇంటర్వ్యూకి కాపీ, వినడానికి ఒక రోజు, కోత ఒక రోజు, శబ్దం ఒక రోజు, మార్పులకి అర రోజు. అంటే పదివేల ఐదొందలు. అంతకంటే తక్కువకి ఒప్పుకుంటే ఆ తేడా మీ ఆషాఢంలోంచి పోతుంది. 12 వేలు అడిగి 10,500 దగ్గర ఆగొచ్చు.

సగం అడ్వాన్సు తీసుకున్నాకే మొదలుపెట్టండి. మార్పులు రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి రోజు లెక్క అని వాట్సాప్‌లో ముందే రాసి పంపండి, "సరే" అని జవాబు తెప్పించుకోండి. చూడటానికి పంపే కాపీ మీద వాటర్‌మార్క్ ఉండాలి, అసలు ఫైలు మిగతా సగం వచ్చాక వెళ్లాలి. మొహమాటం బంధువుల దగ్గరే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, కాబట్టి వాళ్లకి రేటు తగ్గించినా ఈ పద్ధతి మాత్రం మార్చకండి.

వచ్చిన డబ్బంతా ఒక ఖాతాలో పడాలి. అందులోంచి ఇంటి ఖాతాకి ప్రతి నెలా ఒకటో తారీఖున అదే 25 వేలు పంపండి, మాఘంలో లక్ష వచ్చినా సరే. కంపెనీలు, కాలేజీలు టీడీఎస్ కోసి ఇస్తే అది మీ పాన్ మీద పడిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకుని రిటర్ను వేయండి. కట్టాల్సిన పన్ను అంతకంటే తక్కువైతే తేడా వెనక్కి వస్తుంది.

మొదటి పనులు దొరకాలంటే ఆషాఢం వచ్చేదాకా ఆగకండి. ముహూర్తాలు నడుస్తుండగానే ఒక ఆసుపత్రిదో, వ్యవసాయ ఛానల్‌దో శబ్దం సరిగా లేని ఇంటర్వ్యూ ఒకటి ఎంచుకుని, దాంట్లో ఒక్క నిమిషం బాగుచేసి, ముందు, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి వాళ్లకే పంపండి. బయట ఎక్కడా పెట్టకండి. పరువు తీశారనుకుంటే పని రాదు.