పెద్దలను పలకరించే పద్ధతి – 3వ భాగం: కోర్టు హాల్లో జడ్జి గారి ముందు

గత భాగంలో కలెక్టరు, ఆర్డీవో వంటి అధికారులను వారి ఛాంబర్లో కలిసే పద్ధతి చూశాం. జడ్జి గారి విషయంలో లెక్క మారుతుంది. అధికారి దగ్గర నమస్కారంతో మాట మొదలుపెట్టేది మనమే. కోర్టులో మాత్రం మన పేరు పిలిచేదాకా నోరు విప్పకూడదు.

ముందు పిలుపు సంగతి. సినిమాల పుణ్యమా అని చాలామంది ఏ కోర్టుకెళ్లినా ‘మిలార్డ్’ అనాలనుకుంటారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లో న్యాయవాదులకు చేసిన నియమం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో ‘యువర్ ఆనర్’ లేదా ‘ఆనరబుల్ కోర్ట్’ అనాలి. కింది కోర్టుల్లో, ట్రిబ్యునళ్లలో ‘సార్’ అనవచ్చు, లేదా ప్రాంతీయ భాషలో దానికి సమానమైన మాట వాడవచ్చు. అంటే జిల్లా కోర్టులోనో మున్సిఫ్ కోర్టులోనో ‘సార్’, ‘అయ్యా’, ‘మేడమ్’, ‘అమ్మా’ అన్నా మర్యాదకు లోటు రాదు. పల్లె నుంచి వచ్చిన సాక్షి ‘అమ్మా’ అంటే పక్కనున్న వాళ్లు సరిదిద్దబోతారు. ఆ అవసరం లేదు.

హైకోర్టులో చిక్కు కొంచెం ఎక్కువ. నియమం అలా ఉన్నా న్యాయవాదులు అలవాటుగా ‘మై లార్డ్’ అనే అంటున్నారు. 2021లో ఒక న్యాయ విద్యార్థి సుప్రీంకోర్టులో ‘యువర్ ఆనర్’ అన్నప్పుడు అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బోబ్డే అభ్యంతరం చెప్పారు. అది అమెరికా సుప్రీంకోర్టులోనో మేజిస్ట్రేటు ముందో అనే మాట అన్నది ఆయన ఉద్దేశం. అంతకుముందు 2014లో ఆయన సభ్యుడిగా ఉన్న ధర్మాసనమే ‘మై లార్డ్’ తప్పనిసరి కాదని, గౌరవంగా సంబోధిస్తే చాలని స్పష్టం చేసింది. కాబట్టి లాయరు లేకుండా సొంత కేసు వాదించుకునే వారికి ‘సార్’ లేదా ‘మేడమ్’ అన్నదే మా సలహా. అలవాటు లేని ‘లార్డ్‌షిప్’ను ప్రతి వాక్యంలో ఇరికించబోతే అసలు చెప్పాల్సింది తడబడుతుంది.

ఇప్పుడు ఒక సందర్భం తీసుకుందాం. భూమి అమ్మకం దావాలో ఒక రైతు సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు సాక్షిగా వచ్చాడనుకోండి. జడ్జి గారు హాల్లోకి రాగానే అందరితోపాటు లేచి నిలబడాలి. ఆయన నమస్కరించి కూర్చున్నాకే కూర్చోవాలి. బంట్రోతు పేరు పిలిచాక సాక్షి బోనులోకి వెళ్లి, ధర్మాసనం వైపు తిరిగి, చేతులు జోడించి కాస్త తల వంచితే చాలు. ‘గుడ్ మార్నింగ్’ చెప్పడం, కుశల ప్రశ్నలు వేయడం, కరచాలనానికి చెయ్యి చాపడం ఇక్కడ కుదరవు.

ఎదుటి పక్షం లాయరు కాగితం చూపించి, ‘ఈ సంతకం మీదేనా?’ అని అడిగారు. ప్రశ్న లాయరుదైనా జవాబు జడ్జి గారికి వినపడాలి, ఎందుకంటే దాన్ని నమోదు చేయించేది ఆయనే. అందుకే ముఖం ధర్మాసనం వైపు తిప్పి, ‘నాదేనండీ’ అనాలి. ఆ ‘అండీ’లోనే మర్యాద ఉంది కాబట్టి వెంట ‘సార్’ తగిలించనక్కర్లేదు. ప్రశ్న అర్థం కాకపోతే ‘ఏంటీ?’ అనకుండా, ‘అర్థం కాలేదండీ, మళ్లీ అడగమనండి సార్’ అని జడ్జి గారికే చెప్పుకోవాలి. ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే: లాయరు గట్టిగా అడిగేసరికి సాక్షి ఆయనతోనే వాదనకు దిగుతాడు, ‘నువ్వు’ అనేస్తాడు. లాయరును కూడా ‘మీరు’ అనే అనాలి. కోపం వస్తే, ‘కోర్టు వారికి ఒక మనవి’ అని ధర్మాసనం వైపు తిరగడం మంచిది. ‘కోర్టు వారు’ అన్న మాట మన ప్రాంతంలో ఏ స్థాయి కోర్టులోనైనా చెల్లుతుంది.

కోర్టు బయట, ఏ సభలోనో పెళ్లిలోనో ఎదురైతే ‘నమస్కారం సార్’, ‘నమస్కారం మేడమ్’ చాలు. నడుస్తున్న కేసు ఊసు మాత్రం ఎత్తకూడదు. అలా ఎత్తితే ఆయన్ను ప్రభావితం చేయబోయినట్టే అవుతుంది.

వేదిక మీద పరిచయం చేసేటప్పుడు ఇంకో తేడా గుర్తుంచుకోండి. ‘జస్టిస్’ అన్నది హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పేర్లకు ముందే వస్తుంది. జిల్లా జడ్జిని ‘జస్టిస్ ఫలానా’ అంటే లేని హోదా అంటగట్టినట్టే, విన్న ఆయనకే ఇబ్బంది. ఆయన్ను ‘జిల్లా జడ్జి ఫలానా గారు’ అనాలి. హైకోర్టు నుంచి పదవీ విరమణ చేసినవారైతే ‘హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఫలానా గారు’ అంటే సరిపోతుంది.

అభ్యాసం: ఇంట్లో ఒకరిని లాయరుగా, ఒకరిని జడ్జిగా కూర్చోబెట్టుకోండి. లాయరు అడిగే ఐదు ప్రశ్నలకు జడ్జి వైపు చూస్తూ జవాబు చెప్పండి. రెండో ప్రశ్నకే ముఖం లాయరు వైపు తిరిగిపోతుంటే మళ్లీ మొదలుపెట్టండి.

వచ్చే భాగంలో మంత్రులు, ఎమ్మెల్యేలు.