మేడ మీద డ్రమ్ములో అరటి: నాటే ముందు జాగ్రత్తలు

☐ రకం: పొట్టిగా పెరిగే వామనకేళి పిలకే తెచ్చారా? పొడవు రకాలు గాలికి ఆగవు.

☐ బరువు: 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసినా తడిమట్టి, చెట్టు, గెల కలిస్తే 150 కిలోలు దాటవచ్చు. స్లాబు నడుమ వద్దు. దూలం మీదుగా ఇటుకలపై పెట్టండి. అడుగు రంధ్రాలు మూసుకుపోకూడదు.

☐ ఊతం: ఇదే అసలు పని. తొట్టి మట్టిలో గుచ్చిన కర్ర చెట్టుతో పాటే ఒరుగుతుంది. రెండు వెదురు గడలను పిట్టగోడ దగ్గరి ఇనుప కడ్డీకి బిగించి, కాండాన్ని పాత చీర పీలికతో వదులుగా కట్టండి. ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోస్తుంది. ఆకులు చీలితే కంగారు వద్దు, మొదలు కదిలితేనే వేర్లు తెగుతాయి.

☐ మేత: వర్మీకంపోస్టు, పొటాష్ సిద్ధంగా ఉండాలి. ముదురాకుల అంచులు పసుపెక్కి ఎండుతుంటే పొటాష్ చాలడం లేదన్నమాట.