పచ్చిమిర్చి దొరకనప్పుడు కారంతో వంట: శ్రావణ భోజనాలకు ముందు జాగ్రత్తలు

కోనసీమలో ఏరు పోటెత్తిందంటే ఏటి మధ్య లంకల్లోని కూరగాయ తోటలు ముందుగా మునుగుతాయి. పచ్చిమిర్చి సంతలో కనిపించదు, కనిపించినా మెత్తబడి, తొడిమ నల్లబడి ఉంటుంది. వ్రతాలు, భోజనాలు వచ్చేదీ ఆ రోజుల్లోనే. అప్పుడు పచ్చిమిర్చితో చేసే దప్పళాన్ని ఎండు కారంతో చేయాల్సి వస్తే రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి కాయని పొడిలోకి మార్చే లెక్కలో, రెండోది నలుగురి వంటని నలభై మందికి పెంచే లెక్కలో.

ముందు డబ్బాలో ఉన్నది ఏ కారమో చూడండి. కూర కారంలో ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఒక్కోచోట ఉప్పు కూడా కలిసి ఉంటాయి. ఈ లెక్క దానికి పనికిరాదు; వట్టి ఎండుమిరపకాయల పొడి కావాలి. అందులోనూ తేజ రకం ఘాటు మామూలు గుంటూరు సన్నానికి రెండింతలకు తక్కువ ఉండదు. బ్యాడిగి రంగే తప్ప ఘాటు తక్కువ. కింది లెక్క సన్నం కారానిది. తేజ అయితే సగం చాలు.

మధ్యస్థంగా ఉన్న పచ్చిమిరపకాయ 4 గ్రాములు తూగుతుంది. అందులో చాలా భాగం నీరే, ఎండితే మిగిలేది ఎనిమిదో వంతు, అంటే అర గ్రాము. సమంగా గీసిన టీ చెంచా కారం సుమారు రెండున్నర గ్రాములు, కాబట్టి ఐదు కాయలకు ఒక చెంచా. కాయల్ని మెత్తగా నూరి వేసే వంటకే ఈ లెక్క సరిపోతుంది. చీరి వేసిన కాయలో ఘాటంతా పులుసులోకి దిగదు, పైగా చాలామంది కాయని విస్తరి పక్కన పెట్టేస్తారు. పొడి అలా కాదు, ప్రతి ముద్దలోనూ ఉంటుంది. అందుకే చీరి వేసే కాయల స్థానంలో ఆ లెక్కలో సుమారు అరవై శాతమే వేయాలి.

ఇక నలభై మంది సంగతి. ఇంట్లో నలుగురికి చేసే దప్పళం దించేసరికి కిలో ఉంటుందనుకుందాం, ఎనిమిది కాయలు చీరి వేస్తారు. 32 గ్రాముల కాయలకు ఎండు బరువు 4 గ్రాములు, అందులో అరవై శాతం అంటే సుమారు రెండున్నర గ్రాములు, ఒక చెంచా. నలభై మంది కాబట్టి పది చెంచాలు అనుకుంటే అక్కడే దెబ్బ. పప్పు, వేపుడు, పచ్చడి, పులిహోర ఉన్న విస్తట్లో మనిషికి వంద, నూట ఇరవై గ్రాముల దప్పళం మించి పడదు. గుండిగలో తయారయ్యేది ఐదు కిలోలు, పది కాదు. పది చెంచాలు వేస్తే ఘాటు రెట్టింపు. మనుషుల్ని లెక్కపెట్టి కాదు, దించాక ఉండే బరువుని బట్టి కారం వేయాలి: ఐదు కిలోలకు ఐదు చెంచాలు, పన్నెండున్నర గ్రాములు.

అదీ ఒక్కసారి వేయొద్దు. తొమ్మిది గ్రాములు వేసి పావుగంట మరగనివ్వండి. కారం పులుసులోకి దిగడానికి ఆ సమయం పడుతుంది, ముందే రుచి చూసినవాళ్లు చప్పగా ఉందని ఇంకా వేసి పాడుచేస్తారు. రుచి కూడా గోరువెచ్చగా చల్లార్చుకుని చూడాలి. మరీ వేడిగా నాలుక మీద వేసుకుంటే వేడీ ఘాటూ కలిసి ఎక్కువ మంటగా తోస్తాయి, తక్కువేసి సరిపెట్టేస్తారు. పిల్లలకూ పెద్దవాళ్లకూ కిలో, కిలోన్నర ముందే తీసి పక్కన పెట్టి, మిగిలిన దప్పళంలో కారం ఇంకా ఎంత కావాలో అంత కలపండి. చెంచా కొలతలో గుట్టగా తీస్తే దాదాపు రెట్టింపు వస్తుంది; పెద్ద వంటకు చిన్న తూకం తెచ్చుకోవడం మేలు.

తాలింపులో కారం వేసేటప్పుడు పొయ్యి ఆపి, నూనె కాస్త చల్లారాక వేసి, వెంటనే చింతపండు పులుసు పోయాలి. కాగుతున్న నూనెలో వేస్తే క్షణాల్లో మాడుతుంది. చేదెక్కి, నల్లబడి, వంటింట్లో ఎవర్నీ నిలవనివ్వదు. మాడిన వాసన వస్తే అది పారబోసి కొత్తగా పెట్టండి, బాగుచేసే దారి లేదు. మజ్జిగ పులుసు, కొబ్బరి పచ్చడి లాంటివాటిలో మాత్రం ఈ మార్పు వద్దు. రంగు ఎర్రబడుతుంది, పచ్చిమిర్చి వాసన పొడిలో రాదు. వాటికి ఎండుమిర్చి తాలింపే నయం.

ఎంత జాగ్రత్త పడ్డా ఘాటెక్కితే నీళ్లు పోయకండి. మిరప ఘాటు నీటిలో సరిగా కరగదు. మంట కాస్త తగ్గినా పులుపూ ఉప్పూ పలచబడి రుచి పోతుంది. ఉడికిన గుమ్మడికాయ, ఆనపకాయ ముక్కలు, కారం లేని చింతపండు పులుసు విడిగా మరిగించి కలిపితే తగ్గుతుంది. కోనసీమలో కొబ్బరికి కొదవలేదు కాబట్టి చిక్కటి కొబ్బరిపాలు చివర్లో పోసి దించడం ఇంకా సులువు. బెల్లం కాస్త ఎక్కువేస్తే నోటికి మంట మరుగున పడుతుంది గానీ కడుపుకి పడదు. బంగాళాదుంప వేసి తీసేస్తే కారం పీల్చుకుంటుందన్న మాట నమ్మొద్దు.