ఫోటో చూసి నేలని చదవడం – 3వ భాగం: ఆక్స్‌బో సరస్సు

పోయిన భాగంలో డెల్టా చూశాం కదా, ఈసారి నది వదిలేసిన వంపు, అదే ఆక్స్‌బో సరస్సు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీన్ని ఎక్కువగా మన ఊరి చెరువుతోనే కలిపేస్తారు, అందుకే అక్కడినుంచే మొదలుపెడదాం.

విమానం కిటికీలోంచి తీసిన ఫోటో ఒకటి ముందు పెట్టుకోండి. వంపు తిరిగిన నీళ్ళు కనిపించాయనుకోండి, వెంటనే పేరు పెట్టేయకండి, ముందు వెడల్పు చూడండి. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దాదాపు ఒకే వెడల్పు ఉండి, ఆ వెడల్పు పక్కన పారే నదికి దగ్గరగా ఉంటే అది పాత నది దారే అయ్యుంటుంది. చెరువు అలా ఉండదు, పల్లం వైపు కట్ట గీత గీసినట్టు ఉంటుంది, కట్ట దగ్గరే నీళ్ళు లోతు, ఎగువకి పోయేకొద్దీ పలచబడి పొలాల్లో కలిసిపోతాయి, ఆ అంచు చింపిరిగా ఉంటుంది.

ఈ తేడా ఎందుకొస్తుందంటే, నది వంపు తిరిగేచోట బయటి ఒడ్డు దగ్గర నీళ్ళు వేగంగా పోయి గట్టుని కోసేస్తాయి, లోపలి ఒడ్డు దగ్గర నెమ్మదించి ఇసుక వేస్తాయి. అలా వంపు పెరిగి పెరిగి మధ్యలో నేల సన్నటి మెడలా మిగులుతుంది, ఒక వరదకి ఆ మెడ తెగిపోతే నది అడ్డదారిన పోతుంది, పాత వంపు రెండు చివర్లూ మెల్లగా ఒండ్రుతో పూడుకుపోతాయి. అందుకే ఫోటోలో చివర్ల దగ్గర రెల్లు, గడ్డి, చిత్తడి కనిపిస్తాయి. వంపు లోపలివైపు నేలమీద వరసగా వంకర చారలుంటే ఇంక అనుమానమే అక్కర్లేదు, అవి నది జరుగుతూ వేసిన ఇసుక మెట్టలు.

అమెరికాలో ఒమాహా ఎయిర్‌పోర్ట్‌లో దిగేవాళ్ళకి పక్కనే కార్టర్ లేక్ ఉంటుంది, గుర్రపు లాడం ఆకారంలో, చుట్టూ ఇళ్ళు. ఇక్కడ చారలు వెతికితే దొరకవు, ఇళ్ళూ రోడ్లూ కప్పేశాయి, వంపూ వెడల్పూ పక్కనే మిస్సోరీ నదీ, ఈ మూడే ఆధారం. 1877 వరదలో మిస్సోరీ ఆ వంపుని కోసేసి కొత్త దారి పట్టింది, దాంతో అయోవా రాష్ట్రం ముక్క ఒకటి నదికి అవతల, నెబ్రాస్కా వైపు పడిపోయింది. గొడవ సుప్రీంకోర్టుకెళ్తే 1892లో, నది మెల్లగా జరిగితే సరిహద్దూ జరుగుతుంది గానీ ఇలా ఒక్కసారిగా దూకితే పాత దారే సరిహద్దు అని తేల్చారు. ఇప్పటికీ ఆ ముక్కలో ఉన్న ఊరు అయోవాదే.

ఒడ్డున నిలబడి తీసిన ఫోటో అయితే మాత్రం జాగ్రత్త, వంపు మొత్తం ఫ్రేమ్‌లో పట్టదు. అప్పుడు రెండు ఒడ్లూ పోల్చండి, ఒకటి నిట్టనిలువుగా, ఎదుటిది ఏటవాలుగా ఉంటే ఆక్స్‌బో అనుకోవచ్చు, కానీ ఖాయం చేయాలంటే అదే చోటుని శాటిలైట్ మ్యాప్‌లో చూసుకోవాల్సిందే.

వచ్చే భాగంలో ఇసుక తిన్నె, దాని ఆకారం చూసి గాలి ఎటునుంచి వీస్తుందో చెప్పడం.