ఎథిక్స్ అనుమతి, డేటా ప్లాన్: పీజీ ప్రాజెక్టు షెడ్యూల్లో వీటికి ఎన్ని వారాలు వదలాలి?

పీజీ ప్రాజెక్టు షెడ్యూల్ వేసేటప్పుడు చాలామంది ఎథిక్స్ కోసం ఒకే ఒక్క గడి వదులుతారు. "ఆరో వారం: ఎథిక్స్" అని రాసి, ఏడో వారం నుంచి ఇంటర్వ్యూలు మొదలుపెట్టేస్తారు. ఆ గడిలో దరఖాస్తు పెట్టడం ఒక్కటే ఉంటుంది, అనుమతి రావడం ఉండదు. రెండింటి మధ్య సులువుగా ఆరేడు వారాలు పోతాయి. అందులోనూ ఎక్కువ సమయం ఎథిక్స్ కమిటీ ఆలస్యం వల్ల పోదు, దరఖాస్తు సవరణ కోసం వెనక్కి రావడం వల్ల పోతుంది. చక్కగా చదివే పిల్లలు కూడా ఇక్కడే ఆగిపోవడం చూశాక, ఈ ఒక్క దశ గురించి వివరంగా రాయాలనిపించింది.

మామూలు దశలు అందరికీ తెలిసినవే. మీ సంస్థ ఇచ్చే దరఖాస్తు ఫారం, పరిశోధన ప్రతిపాదన, పాల్గొనేవారికి ఇచ్చే సమాచార పత్రం, సమ్మతి పత్రం, ప్రశ్నావళి, గైడ్ సంతకం, బయట ఎక్కడైనా డేటా సేకరిస్తుంటే ఆ సంస్థ ఇచ్చే అనుమతి లేఖ, వీటితో పాటు డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్. నమూనాలు చాలాచోట్ల సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. "రెడీమేడ్ ప్లాన్ ఇస్తాం, అనుమతి గ్యారంటీ" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అలా కొన్న ప్లాన్‌లో ఇంకెవరి ప్రాజెక్టు వివరాలో మిగిలిపోతాయి. చదివే సభ్యులకు అది మొదటి పేజీలోనే కనబడుతుంది.

తేదీలు వెనక నుంచి లెక్కించాలి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రాజెక్టు వ్యవధి 26 వారాలు. అంశం, ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సుల అలసట. 15 మందితో తలా 45 నిమిషాల ఇంటర్వ్యూ. కమిటీ నాలుగు వారాలకోసారి కూర్చుంటుంది, కాగితాలు సమావేశానికి రెండు వారాల ముందే అందాలి. మీకు అందుబాటులో ఉన్న సమావేశం ఎనిమిదో వారం చివర ఉందనుకుందాం.

అంటే కాగితాలు ఆరో వారం చివరికల్లా చేరాలి. గైడ్ చదివి సంతకం పెట్టడానికి ఒక వారం తీసేయండి. ఆసుపత్రి అనుమతి లేఖ ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి తిరిగి రావడానికి మూడు వారాలు పట్టొచ్చు, కాబట్టి దానికి అర్జీ రెండో వారంలోనే పెట్టాలి. డేటా ప్లాన్ చిత్తుప్రతి మూడో వారంలో, సమ్మతి పత్రం నాలుగో వారంలో రాయండి. ఈ వరుసను తిరగేయకండి, కారణం కింద చెబుతాను.

ఎనిమిదో వారం సమావేశం అయ్యాక లేఖ తొమ్మిదో వారంలో వస్తుంది. మొదటిసారే "ఆమోదించాం" అని రావడం అరుదు, "ఈ సవరణలు చేసి పంపండి" అని రావడమే మామూలు. దాన్ని తిరస్కరణ అనుకుని కంగారుపడక్కర్లేదు. పదో వారంలో జవాబు పంపితే, చిన్న సవరణలైతే చాలా కమిటీల్లో అధ్యక్షులో కార్యదర్శో చూసి ఆమోదిస్తారు. పెద్దవైతే పన్నెండో వారం సమావేశానికి మళ్లీ వెళ్లాలి, లేఖ పదమూడులో వస్తుంది. కాబట్టి షెడ్యూల్లో ఇంటర్వ్యూలు పద్నాలుగో వారం నుంచే రాసుకోండి. ముందే వస్తే ఆ వారాలు మీకు మిగిలినట్టు.

రాత్రి డ్యూటీవాళ్లు వారానికి ముగ్గురికి మించి దొరకరనుకుంటే ఐదు వారాలు, అంటే పద్దెనిమిదో వారం దాకా. మొత్తం ఆడియో పదకొండు గంటల పైచిలుకు. చేత్తో టైపు చేస్తే గంట ఆడియోకి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది కాబట్టి 45 నుంచి 68 గంటల పని. ఏ వారం ఇంటర్వ్యూలు ఆ వారమే టైపు చేస్తే పంతొమ్మిదో వారానికి అయిపోతుంది. విశ్లేషణకీ రాతకీ ఏడు వారాలు మిగులుతాయి.

ఇప్పుడు ఆరో వారం గడువు ఒక్క రోజు దాటిందనుకోండి. అన్నీ నాలుగు వారాలు వెనక్కి జరుగుతాయి. ఇంటర్వ్యూలు ముగిసేసరికి ఇరవై రెండో వారం, చేతిలో నాలుగు వారాలే. అందుకే ప్రాజెక్టు మొదటి రోజున చేయాల్సిన పని కమిటీ ఏడాది సమావేశాల తేదీలు తెచ్చుకోవడం, అంశం ఖరారు కావడం ఆ తర్వాతైనా ఫరవాలేదు.

నా ప్రాజెక్టులో ప్రమాదమేమీ లేదు, త్వరిత సమీక్షకే వెళ్తుంది అనుకుని వారాలు కుదించకండి. త్వరిత సమీక్షా, పూర్తి సమావేశమా, అసలు మినహాయింపా అన్నది కమిటీ తేలుస్తుంది. దరఖాస్తుదారు తనంతట తాను తేల్చుకునేది కాదు.

దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఇక్కడే

ఎక్కువమంది సమ్మతి పత్రం ముందు రాస్తారు, డేటా ప్లాన్ చివరి రాత్రి నింపుతారు. అప్పుడు మూడు కాగితాలు మూడు మాటలు చెబుతాయి. సమ్మతి పత్రంలో "పరిశోధన ముగియగానే మీ వివరాలన్నీ తొలగిస్తాం" అని ఉంటుంది. డేటా ప్లాన్‌లో "పేర్లు తీసేసిన ట్రాన్స్‌క్రిప్టులను భద్రపరిచి, ఇతర పరిశోధకులకు అందుబాటులో ఉంచుతాం" అని ఉంటుంది. ప్రతిపాదనలో ఆడియో ఊసే ఉండదు. విడివిడిగా చూస్తే ఏ వాక్యమూ తప్పు కాదు. పక్కపక్కన పెడితే, పాల్గొనేవారికి ఇస్తున్న మాట ఒకటి, చేయబోయే పని ఇంకొకటి. సవరణ లేఖ రావడానికి ఇదొక్కటే చాలు.

దీన్ని తప్పించుకోవాలంటే డేటా ప్లాన్‌లో "డేటా" అని ఒకే ముద్దగా రాయకూడదు. మన ఉదాహరణలో మూడు వేరువేరు వస్తువులున్నాయి: ఆడియో, ట్రాన్స్‌క్రిప్టు, పేరుకు బదులు పెట్టిన కోడ్ ఎవరిదో చెప్పే జాబితా. ఒక్కోదానికీ ఎక్కడ ఉంటుంది, ఎవరు తెరవగలరు, ఎప్పటిదాకా ఉంటుంది అన్న మూడింటికీ జవాబు రాయండి. ఆడియో సంస్థ ఇచ్చిన స్టోరేజ్‌లో ఉంటుంది, విద్యార్థీ గైడూ మాత్రమే తెరుస్తారు, ట్రాన్స్‌క్రిప్టు సరిచూశాక చెరిపేస్తారు. ట్రాన్స్‌క్రిప్టు `P07_clean.docx` లాంటి పేరుతో, సంస్థ నిబంధన ప్రకారం ఎన్నేళ్లుంచాలో అన్నేళ్లు ఉంటుంది. కోడ్ జాబితా వేరే చోట, పాస్‌వర్డ్‌తో ఉంటుంది. అది ఎప్పుడు చెరిపేస్తారో తేదీ వేయండి.

ఆ తర్వాతే సమ్మతి పత్రం రాయండి, ఆ మూడు జవాబులనే మామూలు మాటల్లో. "మీ గొంతు రికార్డును రాతలోకి మార్చి సరిచూశాక చెరిపేస్తాం. మీ పేరు లేని రాతప్రతిని భద్రపరుస్తాం, మీరు ఒప్పుకుంటేనే ఇతర పరిశోధకులకు ఇస్తాం" అంటే నర్సుకీ అర్థమవుతుంది, కమిటీకీ సరిపోతుంది. ఇతరులకు ఇవ్వడానికి విడిగా ఒక టిక్ గడి పెట్టండి. "అన్నీ చెరిపేస్తాం" అని ఒకసారి సంతకం తీసుకున్నాక, రేపు పరిశోధన పత్రిక డేటా అడిగినా ఇవ్వలేరు. మళ్లీ వెళ్లి ఒక్కొక్కరి సమ్మతీ తీసుకోవాల్సిందే.

"ఎప్పుడైనా తప్పుకోవచ్చు" అన్న వాక్యం దగ్గర కూడా ఆగి ఆలోచించాలి. కోడ్ జాబితా చెరిపేశాక ఎవరైనా నా ఇంటర్వ్యూ తీసేయమంటే ఏది వారిదో మీకే తెలియదు. ఇంటర్వ్యూ మధ్యలో ఎప్పుడైనా ఆపేయొచ్చు, ఇచ్చిన సమాచారాన్ని మాత్రం ఇంటర్వ్యూ అయిన రెండు వారాల లోపు వెనక్కి తీసుకోవచ్చు అని రాయండి. జాబితా చెరిపే తేదీ ఆ గడువు తర్వాతే ఉండాలి. జాబితా ఉన్నన్నాళ్లూ ఆ డేటాను అజ్ఞాతం అనకండి. కోడ్ పెట్టిన డేటా అనండి.

పేరు తీసేస్తే చాలదు కూడా. వార్డులో మగ నర్సు ఒక్కరే ఉంటే, "34 ఏళ్ల పురుష నర్సు" అని రాసిన క్షణాన ఆయన ఎవరో తోటివాళ్లందరికీ తెలిసిపోతుంది. వయసును 30–39 లాంటి వర్గంగా రాస్తామని, అవసరమైతే లింగం రాయబోమని ప్లాన్‌లో ఒక వాక్యం పెట్టండి.

రికార్డింగ్ ఫోన్లోనైతే ఒక్క విషయం చూసుకోండి. చాలా ఫోన్లు ఫైళ్లను వాటంతటవే మీ సొంత క్లౌడ్ ఖాతాకు పంపుతాయి. అప్పుడు "సంస్థ స్టోరేజ్‌లోనే ఉంటుంది" అని మీరు ప్లాన్‌లో రాసింది మొదటి ఇంటర్వ్యూకే అబద్ధమైపోతుంది. ఆ సింక్ ఆపండి, లేదా నెట్ లేని రికార్డర్ వాడండి. టైపు పని బయటివారికి ఇస్తుంటే ఆ సంగతి ప్లాన్‌లోనూ సమ్మతి పత్రంలోనూ ఉండాలి, వారితో గోప్యత ఒప్పందం రాసుకోవాలి.

ఎదురుచూసే వారాల్లో

అనుమతి రాకముందు పాల్గొనేవారిని పిలవడం, పేర్లు రాయించుకోవడం కూడా డేటా సేకరణ కిందికే వస్తాయి. చాలాచోట్ల పైలట్ ఇంటర్వ్యూకి కూడా అనుమతి కావాలి. తర్వాత తీసుకుందాంలే అనుకుని ముందే చేసేస్తే, జరిగిపోయిన దానికి కమిటీలు అనుమతి ఇవ్వవు. ఆ ఇంటర్వ్యూలు వాడుకోవడానికి ఉండదు. పాత తేదీ వేసి లేఖ తెప్పిస్తామనే వాళ్ల మాట వినకండి, పత్రికలు అనుమతి సంఖ్య అడుగుతాయి, ఆ సంఖ్య కమిటీ రిజిస్టరులో ఉండాలి.

ఆ వారాల్లో చేయదగిన పని చాలానే ఉంది. సాహిత్య సమీక్ష, పద్ధతుల అధ్యాయం రాసేయొచ్చు. ఫోల్డర్లు పెట్టి, స్నేహితుడి గొంతుతో ఒక ఉత్తుత్తి రికార్డింగ్ చేసి, అది స్టోరేజ్‌కి చేరి, బ్యాకప్ నుంచి తిరిగి తెరుచుకుంటోందో లేదో చూడండి. ఆ రికార్డింగ్‌ను డేటాలో కలపకండి.

దరఖాస్తులో సంఖ్యను "10 నుంచి 15 మంది" అని రాయండి. అనుమతి పదిహేడో వారానికి జారిపోతే పదిమందితో ఆపడానికి మళ్లీ సవరణ దరఖాస్తు పెట్టక్కర్లేదు. ఏ వారం దాటితే పదికి తగ్గించాలో గైడ్‌తో మొదట్లోనే మాట్లాడుకుని మెయిల్ రాసి ఉంచుకోండి.

లేఖ వచ్చిన రోజున ఆనందంలో ఒకటి మరిచిపోతారు. ఆమోదించిన సమ్మతి పత్రం మీద వెర్షన్ సంఖ్య, తేదీ ఉంటాయి. సవరణకు ముందున్న పాత ప్రతిని కంప్యూటర్లో వేరే ఫోల్డర్‌కి మార్చి, ఆమోదం పొందిన దాన్నే ప్రింటు తీయండి. లేఖలో అనుమతి ఎప్పటివరకు చెల్లుతుందో చూసి ఆ తేదీని షెడ్యూల్లో రాసుకోండి. ఆ తర్వాత ప్రశ్న మార్చాలన్నా, ఇంకో వార్డు కలపాలన్నా, డేటా వేరే చోట దాచాలన్నా ముందు సవరణ దరఖాస్తు పెట్టాలి. దానికీ రెండు మూడు వారాలు పట్టొచ్చు కాబట్టి, అలాంటి మార్పేదైనా అవసరమని మొదటి మూడు ఇంటర్వ్యూల్లోనే తెలిస్తే ఆ రోజే గైడ్‌కి చెప్పండి.